మినిట్స్‌లో "రవి చూస్తారు" అని రాశాను, ఎవరూ చూడలేదు. తప్పు ఎక్కడుంది?

పొద్దుతిరుగుడు
వారం వారం జరిగే మా ప్రాజెక్టు మీటింగ్‌కి మినిట్స్ రాసే పని ఆరు నెలలుగా నాదే. చదివేవాళ్లందరికీ సులువుగా ఉంటుందని తెలుగులోనే రాస్తాం. 25న మొదలవ్వాల్సిన పైలట్ నిన్న వాయిదా పడింది. ఎందుకని ఆరా తీస్తే చివరికి నా మినిట్స్ దగ్గరికొచ్చి ఆగారు. "నువ్వు రాసింది చదివితే పని అయిపోయిందో, ఇంకా చెయ్యాలో తెలియలేదమ్మా" అన్నారు మేనేజర్ గారు. ఎవరేం మాట్లాడినా ఒక్క ముక్క వదలకుండా రాశాను నేను. 4వ తేదీ మీటింగ్‌కి రాసిన పేరా ఇదిగో, పేర్లు మాత్రం మార్చాను:

> పేమెంట్ మాడ్యూల్ టెస్టింగ్ పూర్తి చేసి, వచ్చిన బగ్స్ సరిచేసి, క్లయింట్‌కి డెమో చూపించి, పైలట్ మొదలుపెట్టాలని అనుకున్నారు. సర్వర్ విషయం రవి చూస్తారు. డేటా మైగ్రేషన్ జరుగుతోంది. ట్రైనింగ్ మెటీరియల్ గురించి కూడా చర్చ జరిగింది.

ఇదే పేరాని 11న, 18న కూడా అక్కడో మాట ఇక్కడో మాట మార్చి పంపాను. ఒక్కళ్లూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇందులో తప్పెక్కడుందో నాకు నిజంగా అంతుపట్టట్లేదు. చూసి చెప్పండి.

రాత్రిషిఫ్ట్
మూడు వారాలు ఒక్క ప్రశ్న కూడా రాలేదంటే అప్పుడే అనుమానపడాల్సింది. అర్థమైతే ఎవరో ఒకరు అడ్డం తిరుగుతారు, "నా పేరెందుకు రాశావ్" అని.

సూటిగా
చాలా తేలిక. మినిట్స్ అంటే జరిగిపోయిన మీటింగ్ రికార్డు. కాబట్టి మొత్తం భూతకాలంలో రాయాలి. మీరు "అనుకున్నారు" భూతకాలంలో, "చూస్తారు" భవిష్యత్తులో, "జరుగుతోంది" వర్తమానంలో రాశారు. నాలుగు వాక్యాల్లో మూడు కాలాలు. అన్నీ ఒకే కాలంలోకి తెస్తే సరిపోతుంది.

కీబోర్డు_కృష్ణ
నా దగ్గర మంచి ఎక్సెల్ టెంప్లేట్ ఉంది. పని, ఎవరు, ఎప్పటికి, స్థితి అని నాలుగు గళ్లు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వాటంతట అవే మారతాయి. కావాలంటే పెడతాను.

పొద్దుతిరుగుడు
@కీబోర్డు_కృష్ణ టెంప్లేట్ మాకూ ఉందండి. "పని" గడిలో ఈ పేరాలోని వాక్యాలే వేశాను, "ఎవరు" గడిలో "టీమ్" అని పెట్టాను. గళ్లు నిండాయి, పని మాత్రం కదల్లేదు. నా బాధ వాక్యం గురించే.

పాతరికార్డు
ప్రాజెక్టు ఆఫీసులో పద్దెనిమిదేళ్లు ఇదే పని చేశాను, అందుకని కాస్త పొడుగ్గా చెబుతాను. సూటిగా గారు చెప్పింది సగం నిజం. కాలాలు కలగాపులగం అయ్యాయి, కానీ అసలు చిక్కు మొదటి వాక్యంలోనే ఉంది. అందులో కాలం తప్పు కాదు, కాలమే లేదు.

"పూర్తి చేసి, సరిచేసి, చూపించి, మొదలుపెట్టాలని" అని రాశారు. నాలుగు పనులు ఒకే తీగకి గుచ్చారు. "చేసి", "చూపించి" అన్న మాటలకి సొంతంగా కాలం ఉండదు. చివర ఏ క్రియ వస్తే దాని కాలమే వెనక్కి పాకుతుంది. ఇదే వాక్యం చివర "మొదలుపెట్టాం" అని ఉంటే నాలుగూ అయిపోయినట్టు, "మొదలుపెట్టాలి" అని ఉంటే నాలుగూ మిగిలి ఉన్నట్టు. మొదటిది సగం అయింది, రెండోది ఇప్పుడే మొదలైంది, మూడోది ఎవరి చేతిలోనూ లేదు అనే సంగతిని ఈ వాక్యంలో చెప్పే దారే లేదు.

కర్త సంగతి కూడా అంతే. "వచ్చి, కూర్చుని, లేచి వెళ్లిపోయాడు" అంటే వచ్చినవాడూ వెళ్లినవాడూ ఒక్కడే. చదివేవాళ్ల చెవికి అలాగే అలవాటు. మీ వాక్యంలో నాలుగు పనులూ ఎవరో ఒక్కరివే అన్నట్టు వినిపిస్తుంది, పైగా ఆ ఒక్కరి పేరూ లేదు. కథ చెప్పేటప్పుడు ఈ "చేసి, చేసి" నడక ఎంతో బాగుంటుంది. పని అప్పజెప్పేటప్పుడు మాత్రం తీగ తెంపి, ఒక్కో పనిని ఒక్కో వాక్యంగా నిలబెట్టాలి.

4వ తేదీ నాటికి ఆ నాలుగూ నిజంగా ఎంతవరకు వచ్చాయి? గుర్తుంటే రాయండి.

పొద్దుతిరుగుడు
నోట్స్ తీసి చూశాను. టెస్టింగ్ సుధది. మొత్తం 60 కేసుల్లో ఆ రోజుకి 41 నడిపారు, 7 బగ్స్ దొరికాయి. సరిచేయాల్సింది కిరణ్. డెమో ఎవరు చూపిస్తారో మీటింగ్‌లో ఎవరూ అడగలేదు. పైలట్ తేదీ 25 అని మాత్రం అనుకున్నాం. అసలు ఆ తేదీ కూడా నా పేరాలో లేదు, ఇప్పుడే గమనించాను.

టెస్టర్_లక్ష్మి
నేనూ టెస్టర్నే కాబట్టి సుధ గారి వైపు నుంచి చెబుతాను. "టెస్టింగ్ పూర్తి చేసి, బగ్స్ సరిచేసి" అని చదివితే నాకేం అర్థమవుతుందంటే, ముందు 60 కేసులూ ముగించాలి, ఆ తర్వాతే కిరణ్ మొదలుపెడతాడు. కిరణ్‌కేమో బగ్స్ వచ్చినవి వచ్చినట్టు సరిచేయమన్నారని అర్థమై ఉండొచ్చు. అతను సరిచేసినవాటిని మళ్లీ పరీక్షించే పని ఒకటుంది, అది మీ పేరాలో ఎక్కడా లేదు. మా దగ్గర ఎప్పుడూ దారితప్పేది ఆ ఒక్క పనే. రెండు పనుల నడుమ ఉంటుంది, అందుకే ఎవరి జాబితాలోకీ ఎక్కదు.

పొద్దుతిరుగుడు
@టెస్టర్_లక్ష్మి అచ్చం అలాగే జరిగిందండి! కిరణ్ 13వ తేదీకే ఏడూ సరిచేశాడట. మళ్లీ పరీక్షించమని తనకెవరూ చెప్పలేదంటోంది సుధ.

రవి సంగతి ఇంకా విచిత్రం. పైలట్‌కి కొత్త సర్వర్ తెప్పించే బాధ్యత తనది. అడిగితే, "సర్వర్లు నేను రోజూ చూస్తూనే ఉన్నాను కదా, మీరూ అదే రాశారు" అన్నాడు. దాటేయడానికి అన్న మాట కాదు. నిజంగానే అలా చదువుకున్నాడు.

పాతరికార్డు
రవిని తప్పుపట్టలేం. "చూస్తారు" అన్న రూపం తెలుగులో రెండు పనులు చేస్తుంది. "ఆయన రోజూ పొద్దున్నే పేపరు చూస్తారు" అన్నా అదే రూపం, "ఆయన రేపు మీ ఫైలు చూస్తారు" అన్నా అదే రూపం. అలవాటా, భవిష్యత్తా అన్నది పక్కనున్న "రోజూ", "రేపు" తేలుస్తాయి. మీ వాక్యంలో ఆ పక్కమాట లేదు. సర్వర్లు చూడటం రవి రోజువారీ పనే కాబట్టి అతనికి అలవాటు అర్థమే తట్టింది. అంటే పని వాక్యంలో తేదీ ఉండేది గడువు చెప్పడానికి మాత్రమే కాదు, ఆ క్రియ ఏ కాలంలో ఉందో తేల్చేది కూడా ఆ తేదీయే.

"చూడటం" అన్న క్రియ మీద నాకింకో ఫిర్యాదు ఉంది. చూడటం ఎప్పుడు పూర్తవుతుంది? తెప్పించడం, పంపడం, సంతకం చేయించడం అయితే అయ్యాయో లేదో ఎవరైనా చెప్పగలరు. "చూస్తారు", "ప్రయత్నిస్తారు", "దృష్టి పెడతారు" అన్నవి ఏ రోజు అడిగినా అవుతూనే ఉంటాయి.

సూటిగా
ఇది మరీ ఎక్కువండి. సందర్భం అంటూ ఒకటుంటుంది కదా? మీటింగ్‌లో అరగంట సేపు కొత్త సర్వర్ గురించి మాట్లాడాక "రవి చూస్తారు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

పాతరికార్డు
గదిలో ఉన్నవాళ్లకి, ఆ సాయంత్రం వరకు అర్థమవుతుంది. పది రోజుల తర్వాత చదివేవాళ్లకి, ఆ రోజు సెలవులో ఉన్నవాళ్లకి కాగితం మీది మాట తప్ప ఏమీ ఉండదు. మినిట్స్ రాసేది వాళ్ల కోసమే.

బోర్డురూమ్
నేను కంపెనీ సెక్రటరీని. "మొత్తం భూతకాలం" అన్న మాట దగ్గర ఒక సవరణ. భారతదేశంలో బోర్డు మీటింగులకి మేం పాటించే సెక్రటేరియల్ స్టాండర్డ్ 1 కూడా మినిట్స్‌ని ప్రథమ పురుషలో, భూతకాలంలో రాయమనే అంటుంది. ఆ వెంటనే, తీర్మానాలని మాత్రం వర్తమానంలో రాయమంటుంది. కారణం ఉంది. చర్చ ఆ రోజుతో ముగిసింది, తీర్మానం ఇవాళ్టికీ అమల్లో ఉంది. అందుకే ఒకే కాగితం మీద రెండు కాలాలు ఉండటం తప్పు కాదు. ఏ రకం వాక్యానికి ఏ కాలమో ఒకసారి తేల్చుకుని, మొదటి పేజీ నుంచి చివరి దాకా దానికే కట్టుబడాలి.

మా చిత్తుప్రతి 15 రోజుల్లోగా సభ్యులకి వెళ్లాలి, వాళ్లు 7 రోజుల్లోగా అభ్యంతరాలు చెప్పాలి. వారానికోసారి కలిసే మీకు అంత తీరిక ఉండదు. అదే సాయంత్రం పంపేయండి.

సూటిగా
ఆ తేడా నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయితే "నిర్ణయించడమైనది", "ఆమోదించడమైనది" అని రాయొచ్చా? అలా రాస్తే హుందాగా ఉంటుందని మా ఆఫీసులో అందరూ అలాగే రాస్తారు.

బోర్డురూమ్
తీర్మానానికి పరవాలేదు, అక్కడ నిర్ణయించింది బోర్డే అని అందరికీ తెలుసు. పని వాక్యంలో మాత్రం ఆ "-డమైనది" వద్దే వద్దు. "సర్వర్ తెప్పించడానికి చర్యలు తీసుకోవడమైనది" అని రాశారనుకోండి. ఎవరు తీసుకున్నారు? ఏం చర్య? మనిషి మాయమైపోతాడు.

అమ్ములు72
నాకు ప్రాజెక్టులు తెలియవు, మా నివాసుల సంఘానికి మినిట్స్ రాస్తుంటాను. మాకు జరిగింది చెబుతాను. కార్యవర్గానికీ, లిఫ్టు మరమ్మతు చేసేవాళ్లకీ కలిపి ఒక సమావేశం పెట్టాం. వాళ్ల ప్రతినిధి "పాత మోటారు మేము విప్పించి ఉంచుతాం" అన్నాడు. నేను అలాగే, "పాత మోటారు మేము విప్పించి ఉంచుతాం" అని రాశాను. రాసింది నేను కాబట్టి, చదివినవాళ్లకి "మేము" అంటే మా సంఘం అయింది. మోటారు విప్పని కారణంగా వాళ్ల మనుషులు వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. లిఫ్టు ఇంకో తొమ్మిది రోజులు ఆగిపోయింది. నాలుగో అంతస్తులో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒకరున్నారు, ఆవిడ ముఖం చూడలేకపోయాను.

పాతరికార్డు
@అమ్ములు72 మేడం, ప్రాజెక్టువాళ్లకీ ఇది అక్షరాలా పనికొస్తుంది. "మేము", "మనం", "మీరు", "ఇక్కడ", "రేపు" అన్నవి నోటి నుంచి కాగితం మీదికి వచ్చేసరికి అర్థం మార్చుకుంటాయి. "మనం పంపాలి" అంటే ఎదుటివాళ్లూ అందులో ఉన్నారు, "మేము పంపాలి" అంటే లేరు. రాసేటప్పుడు ఆ మాట తీసేసి ఆ చోట పేరు పెట్టడమే మార్గం.

రాత్రిషిఫ్ట్
"డేటా మైగ్రేషన్ జరుగుతోంది" గురించి ఎవరూ మాట్లాడలేదు. మా దగ్గర ఒక పని పదకొండు వారాలు "జరుగుతోంది". రిపోర్టులో పదకొండు వారాలూ ఆకుపచ్చే. కోసి చూస్తే లోపలంతా ఎరుపు. వీటిని మేం పుచ్చకాయ రిపోర్టులు అంటాం.

పాతరికార్డు
స్టేటస్‌లో "జరుగుతోంది" రాయకూడదని కాదు, ఒంటరిగా వదలకూడదు. దానికి ముందు భూతకాలంలో ఒక అంకె, తర్వాత మిగిలిన అంకె ఉండాలి. "18వ తేదీకి 12 పట్టికల్లో 5 చేరాయి, 7 మిగిలాయి" అని రాస్తే "జరుగుతోంది" అన్న మాటే అక్కర్లేదు. మరుసటి వారం కూడా 5 దగ్గరే ఉంటే ఆ వాక్యమే చెప్పేస్తుంది. "జరుగుతోంది" అని రాస్తే ఆగిపోయిన పనీ నడుస్తున్న పనీ ఒకేలా కనిపిస్తాయి.

ఇక మీ 4వ తేదీ మొదటి వాక్యం. నేనైతే ఇలా రాసేవాణ్ణి:

> జరిగినది: 60 టెస్ట్ కేసుల్లో సుధ 41 నడిపారు. 7 బగ్స్ దొరికాయి.
> నిర్ణయం: బగ్స్ అన్నీ సరిచేసి, మళ్లీ పరీక్షించాకే క్లయింట్‌కి డెమో. పైలట్ 25న.
> సుధ: మిగిలిన 19 కేసులు 8వ తేదీ సాయంత్రంలోగా నడపాలి.
> కిరణ్: 7 బగ్స్ 13వ తేదీలోగా సరిచేయాలి.
> సుధ: సరిచేసిన 7 బగ్స్‌ని 15వ తేదీలోగా మళ్లీ పరీక్షించాలి.
> డెమో: ఎవరికీ అప్పజెప్పలేదు. మేనేజర్ 6వ తేదీలోగా పేరు చెప్పాలి.

చివరి లైను చూడండి. డెమోకి మనిషి లేడన్నది కూడా రికార్డే. "టీమ్" అని రాసి ఆ ఖాళీని కప్పేస్తే 25 దాకా బయటపడదు. ఖాళీని ఖాళీగా రాసి, దాన్ని నింపాల్సిన మనిషి పేరు మాత్రం రాయాలి.

పొద్దుతిరుగుడు
ఇది చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. ఇంతే కదా రాయాల్సింది! కానీ ఒక సందేహం. 8, 13, 15 అనే తేదీలు మీటింగ్‌లో ఎవరూ అనలేదు. మరి నేనెలా రాయను?

పాతరికార్డు
కల్పించి రాయకూడదు. పై తేదీలు ఉదాహరణ కోసం వేసినవే. మీటింగ్ ముగిసే ముందు ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి. ఆ ఐదు నిమిషాల్లో పని లైన్లు మాత్రం పైకి చదవండి. "కిరణ్, 7 బగ్స్ సరిచేయాలి, ఏ తేదీ?" అని ఆగండి. మౌనంగా ఉండటం కష్టం, అయినా ఆగాలి. "చూద్దాం" అంటే "తేదీ చెప్పలేదు" అని రాస్తానని చెప్పండి. నూటికి తొంభైసార్లు అప్పటికప్పుడే తేదీ వస్తుంది.

టెస్టర్_లక్ష్మి
ఇక్కడ నాకో అభ్యంతరం. "సుధ నడపాలి" అన్న "-ఆలి" నాకు నచ్చదు. పైనుంచి పడిన ఆజ్ఞలా ఉంటుంది. "సుధ 8లోగా నడుపుతారు" అంటే సుధ ఒప్పుకున్న మాటలా ఉంటుంది. తేదీ పక్కనే ఉంది కాబట్టి ఇందాకటి అలవాటు చిక్కు కూడా రాదు కదా?

సూటిగా
"-ఆలి" అయితేనే పని అని గుర్తుపట్టగలం. "-తారు" అంటే జోస్యంలా ఉంటుంది.

బోర్డురూమ్
నేను లక్ష్మి గారి వైపే. ఒప్పుకున్నవాటికి "-తారు", ఒప్పుకోకుండా అప్పజెప్పినవాటికి "-ఆలి" అని రెండూ వాడే ఆఫీసు ఒకటి చూశాను. చదివేవాళ్లకి ఆ తేడా తెలిస్తే చాలా బలంగా పనిచేస్తుంది.

పాతరికార్డు
తెలియకపోతే రాసినవాళ్లు మరిచిపోయి కలిపేశారనుకుంటారు. నేను "-ఆలి" దగ్గరే ఉంటాను, వెతికితే దొరుకుతుంది కాబట్టి. ఇందులో లక్ష్మి గారు చెప్పిన మర్యాద పోతుందన్నది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

కీబోర్డు_కృష్ణ
ఇంతసేపూ చదివి నా టెంప్లేట్ తెరిచాను. "పని" గడిలో "సమన్వయం" అని పదిహేడుచోట్ల ఉంది. ఒక్కోటీ మార్చుకుంటూ వస్తున్నాను. ఇప్పటికి నాలుగింటికి అసలు ఏం చెయ్యాలో నాకే తెలియలేదు.

పొద్దుతిరుగుడు
ఇవాళ మళ్లీ మీటింగ్ జరిగింది. చివరి ఐదు నిమిషాలూ అడిగి తీసుకున్నాను. పంపే ముందు ఇక్కడ పెడుతున్నాను, చూడండి:

> జరిగినది: 60 కేసులూ సుధ నడిపారు. 7 బగ్స్‌ని కిరణ్ 13న సరిచేశారు. వాటిని మళ్లీ పరీక్షించలేదు. కొత్త సర్వర్‌కి అభ్యర్థన వెళ్లలేదు. డేటా మైగ్రేషన్: 12 పట్టికల్లో 9 చేరాయి, 3 మిగిలాయి.
> నిర్ణయం: పైలట్ తేదీ సర్వర్ వచ్చాకే ఖరారు.
> సుధ: 7 బగ్స్‌ని 28వ తేదీలోగా మళ్లీ పరీక్షించాలి.
> రవి: కొత్త సర్వర్‌కి అభ్యర్థన 27న పంపాలి, సర్వర్‌ని వచ్చే నెల 1వ తేదీలోగా టీమ్‌కి అందించాలి.
> మాధవి: మిగిలిన 3 పట్టికలు 30వ తేదీలోగా చేర్చి, సరిచూసి, రిపోర్టు ఇవ్వాలి.
> డెమో: మేనేజర్ 27న పేరు చెప్పాలి.
> ట్రైనింగ్ మెటీరియల్: చర్చించారు.

టెస్టర్_లక్ష్మి
"మళ్లీ పరీక్షించలేదు" అని నేరుగా రాశారు, ఎంత హాయిగా ఉందో. కానీ మాధవి లైనులో "చేర్చి, సరిచూసి" మళ్లీ వచ్చింది.

పాతరికార్డు
అక్కడ ఉంచొచ్చు. మనిషి ఒక్కరే, తేదీ ఒక్కటే, మూడూ ఇంకా మొదలవ్వలేదు. తీగ తెంపాల్సింది మనుషులు మారినప్పుడు, లేదా ఒకటి అయి ఒకటి మిగిలినప్పుడు.

ఆఖరి లైను మాత్రం మారాలి. "చర్చించారు" తర్వాత ఏమైంది?

పొద్దుతిరుగుడు
ఏమీ కాలేదండి. అందరూ ఏదో ఒకటి అన్నారు, ఈలోగా టైమ్ అయిపోయింది.

పాతరికార్డు
అయితే "నిర్ణయం కాలేదు, వచ్చే మీటింగ్‌లో మొదటి అంశం" అని రాయండి.

పొద్దుతిరుగుడు
మార్చి సాయంత్రం 5:40కి పంపాను. 5:52కి రవి దగ్గర్నుంచి జవాబు: "1వ తేదీకి కుదరదు, అనుమతికే మూడు రోజులు పడుతుంది. 4 అని మార్చు." ఆరు నెలల్లో నా మినిట్స్‌కి వచ్చిన మొదటి జవాబు ఇది. మార్చి మళ్లీ పంపుతున్నాను.